బెంగళూరులో ఉద్యోగం, రోజుకు పావుగంట కన్నడ: అపోహలు, వాస్తవాలు

బెంగళూరుకొచ్చిన తెలుగువాళ్లు కన్నడ మొదలుపెట్టి రెండు నెలల్లో వదిలేయడానికి టైం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఉన్న పావుగంటను ఎలా వాడుతున్నారన్నదీ చూడాలి.

అపోహ: క్యాలెండర్‌లో రోజూ టిక్కు పడితే చదువు సాగుతున్నట్టే.

టిక్కు మీరు కూర్చున్నారని చెబుతుంది, నోటికి ఏం వచ్చిందో చెప్పదు. రోజువారీ హాజరు అంటే పాత కన్నడ వాక్యాలను చూడకుండా గుర్తుతెచ్చుకుని బయటికి అనడం. పేజీకి ఎడమవైపు తెలుగు వాక్యం, కుడివైపు కన్నడ వాక్యం తెలుగు లిపిలోనే రాసుకోండి. కుడివైపును చేత్తో మూసి, తెలుగు చూసి కన్నడలో చెప్పాలి. తడుముకోకుండా వస్తే గీత, ఆలోచిస్తే చుక్క, రాకపోతే సున్నా. సున్నా పడినది మర్నాడు మళ్లీ వస్తుంది. మిగతావి నేర్చిన మర్నాడు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు చూసుకుంటే చాలు.

అపోహ: రోజుకు పది కొత్త మాటలైనా నేర్చుకోవాలి.

లెక్క వేసి చూడండి. ప్రతి కొత్త వాక్యం నాలుగుసార్లు తిరిగొస్తుంది. రోజుకు రెండు నేర్చుకుంటే, రెండు వారాలు దాటాక రోజూ 8 పాత వాక్యాలు ఎదురొస్తాయి. ఒక్కోదానికి అర నిమిషం చొప్పున 4 నిమిషాలు. అదే పది నేర్చుకుంటే 40 పాతవి, అంటే 20 నిమిషాలు! పావుగంట అక్కడే అయిపోతుంది. మూడో వారానికల్లా ఈ బరువుకే ఆగిపోవచ్చు.

కాబట్టి రెండే. అవి కూడా పుస్తకంలోవి కాదు, ఆ రోజు మీకు అవసరమై నోటికి రానివి. అపార్ట్‌మెంట్‌లో నీళ్లు రాలేదనుకుందాం. వాచ్‌మన్‌నో ఆఫీసులో తోటివాళ్లనో "ఇదన్న కన్నడదల్లి హేగె హేళోదు?" అని అడిగి, జవాబును ఫోన్‌లో వాళ్ల గొంతుతోనే రికార్డు చేసుకోండి. "ఇవత్తు నీరు బందిల్ల." సాయంత్రం 4 నిమిషాలు పాతవాటికి, 5 నిమిషాలు కొత్త రెండింటినీ విని పలకడానికి, మరో 5 నిమిషాలు వాటిని మార్చి చెప్పడానికి. నీరు బదులు కరెంట్, ఇవత్తు బదులు నిన్నె. నిన్నె అన్నప్పుడు "బందిల్ల" కాస్తా "బరలిల్ల" అవుతుంది. ఈ మార్పు మీకు తట్టకపోతే మర్నాడు అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. మిగిలిన నిమిషంలో గీతలు, సున్నాలు లెక్కపెట్టి తేదీ పక్కన రాయండి.

అపోహ: తెలుగు వచ్చినవాళ్లకు కన్నడ దానంతటదే వస్తుంది.

అర్థం కావడం వరకు ఇందులో కొంత నిజముంది. పాలు హాలవుతుంది, పులి హులి అవుతుంది, పువ్వు హూవవుతుంది. ఈ పోలికే మోసం కూడా చేస్తుంది. కన్నడలో "సాకు" అంటే చాలు. "తిండి ఆయ్తా?" అని పొద్దున అడిగితే టిఫినైందా అని. భోజనం సంగతైతే "ఊట ఆయ్తా?" అంటారు.

అసలు చిక్కు క్రియ దగ్గరుంది. తెలుగులో "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది" రెండింటికీ చివర ఒకటే. కన్నడలో బస్సైతే "బంతు", ఆమె అయితే "బందళు", గౌరవంగా "బందరు", మాటల్లో "బంద్రు". తెలుగు అలవాటులో "మేడం బంతు" అనేస్తే మేనేజరమ్మను వస్తువుల్లో కలిపేసినట్టే. చెప్పినవాళ్లకు తేడా వినిపించదు, విన్నవాళ్లు మర్యాదకు సరిదిద్దరు. తప్పు నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. అందుకే వారానికోసారి మీ పది వాక్యాలు రికార్డు చేసి కన్నడవాళ్లకు వినిపించండి. పెద్దవాళ్లకూ కొత్తవాళ్లకూ, ఆడైనా మగైనా, "బంద్రు" వాడితే సగం ఇబ్బంది తప్పుతుంది.

అపోహ: ముందు పుస్తకభాష వస్తే మాట్లాడటం తేలిక.

పుస్తకంలో "నాను బరుత్తేనె" అని ఉంటుంది. వీధిలో వినిపించేది "బర్తీని". పావుగంటే ఉన్నవాళ్లు రెండోదానితోనే మొదలుపెట్టాలి. బోర్డులు చదవడం వేరే పని. మన అక్షరాలకు దగ్గరే కాబట్టి బస్సులో కూర్చుని చదువుకోవచ్చు, దానికి ఈ పావుగంట ఖర్చు చేయకండి.

అపోహ: ఒకరోజు మానేస్తే మర్నాడు రెట్టింపు చేయాలి.

వద్దు. మర్నాడు కొత్తవి ఆపేసి పాతవి మాత్రమే చూడండి. నాలుగైదు రోజులు పోతే కుప్పంతా ఒకేసారి తీయకుండా, చివరిసారి చుక్క, సున్నా పడినవాటితో మొదలుపెట్టండి. గీత పడినవి ఇంకో వారం ఆగినా పెద్ద నష్టం లేదు. రోజు లెక్కలో సున్నాలు మూడు దాటుతున్నంతకాలం కొత్త వాక్యం జోలికి పోవద్దు.