ఫీల్డ్ నోట్సుని కోడింగ్‌కి సిద్ధం చేయడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎచ్చెర్ల నుంచి, విశాఖ నుంచి పరిశోధక విద్యార్థులు చేతిరాత నోటుబుక్కులు పట్టుకుని శ్రీకాకుళంలో నా దగ్గరికి వస్తుంటారు. ఊళ్లలో ఇంటర్వ్యూలు చేసి రాసుకున్నవి. రికార్డింగ్ ఉండదు. చాలామంది ఫోన్ బయటికి తీస్తేనే మాట్లాడటం ఆపేస్తారు కాబట్టి ఆ పుస్తకమే ఆధారం. దాన్ని ఎవరు ఏమన్నారో తెలిసేలా టైప్ చేసి, ఏ భాగం దేని గురించో చెప్పే పేర్లు, అంటే కోడ్లు పెట్టి, థీసిస్‌లో ఉటంకించగలిగే భాగాలు వేరు చేసి ఇవ్వడం నా పని. వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణ పేజీ నేను కల్పించినది. అసలు పుస్తకాల్లోది ఒక్క గీత కూడా బయటపెట్టకూడదు.

అపోహ: నోటుబుక్కులో ఉన్నదంతా వాళ్లు చెప్పిందే.

గుజరాత్‌లోని వీరావల్‌కి వేటకు వెళ్లే మత్స్యకార కుటుంబాల మీద పరిశోధన అనుకోండి. పేజీ ఇలా ఉంటుంది:

```
పుస్తకం 2, పేజీ 14
సాయంత్రం, అరుగు మీద. అత్త, కోడలు, పక్కింటామె.
ఆగస్టులో వెళ్తారు. అడ్వాన్సు ముందే. పెళ్లి అప్పు దాంతోనే తీర్చారు.
అ  "సముద్రం ఇక్కడుంది, సేప నేదు"
బ్యాన్‌లో వస్తారు. కోడలు ఫోన్ వస్తే బయటికి.
జెట్టీ లేకే వలస!!
```

ఇంత చిన్న పేజీలో నాలుగు రకాల రాత ఉంది. అరుగు సంగతి పరిశోధకురాలు తన కళ్లతో చూసింది. అడ్వాన్సు సంగతి ఎవరో చెప్పగా కుదించి రాసుకుంది. కొటేషన్లలో ఉన్నది విన్నది విన్నట్టు రాసిన మాట. చివరి లైను మాత్రం పరిశోధకురాలి సొంత ఆలోచన. రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టుకుంది కదా, ఆ ఉత్సాహం ఆమెదే. దాన్ని ఇంటర్వ్యూ మాటగా టైప్ చేసి 'జెట్టీ' అని కోడ్ పెట్టామంటే, రేపు విశ్లేషణలో తన ఊహే తనకు సాక్ష్యంగా ఎదురొస్తుంది. పది పేజీల్లో పదిసార్లు అలా వస్తే, ఊరంతా జెట్టీ గురించే మాట్లాడినట్టు కనిపిస్తుంది.

అందుకే ప్రతి లైనుకీ ఎవరిది, ఏ రకం అన్నవి రెండూ రాస్తాను:

```
[2-14-1] పరిశోధకురాలు | పరిశీలన: సాయంత్రం, అరుగు మీద. అత్త, కోడలు, పక్కింటామె.
[2-14-2] తెలియదు | సారాంశం: ఆగస్టులో వెళ్తారు. అడ్వాన్సు ముందే. పెళ్లి అప్పు దాంతోనే తీర్చారు.
[2-14-3] అత్త | యథాతథం: "సముద్రం ఇక్కడుంది, సేప నేదు"
[2-14-4] తెలియదు | సారాంశం: బ్యాన్‌లో వస్తారు.
[2-14-5] పరిశోధకురాలు | పరిశీలన?: కోడలు ఫోన్ వస్తే బయటికి.
[2-14-6] పరిశోధకురాలు | ఆలోచన: జెట్టీ లేకే వలస!!
```

ముందున్న అంకెలు పుస్తకం, పేజీ, నేను విడగొట్టిన లైను. రేపు గైడ్ "ఇది ఎక్కడుంది?" అంటే ఆ పేజీ తీసి చూపించగలగాలి. ఐదో లైనులో ప్రశ్నార్థకం కావాలనే ఉంచాను. ఆ సాయంత్రం ఫోన్ వచ్చి కోడలు బయటికి వెళ్లిందా, ఎప్పుడు వచ్చినా అలాగే వెళ్తుందని ఎవరైనా చెప్పారా అన్నది రాతలో తేలడం లేదు.

నాలుగో లైను దగ్గర చెయ్యి ఆగాలి. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. గుజరాత్ వైపు జూన్ 1న మొదలవుతుంది. ఏ బ్యాన్‌లో ఇంటికొస్తారో పేజీలో లేదు. వీరావల్ నుంచి కాబట్టి అక్కడిదే అయ్యుంటుందని మనకి అనిపిస్తుంది. అయినా ఆ లైనులో కలిపి రాయకూడదు. పక్కన మెమోగా రాసి, పరిశోధకురాలినే అడగాలి.

అపోహ: పేరు రాయకపోయినా సందర్భాన్ని బట్టి ఎవరు మాట్లాడారో పెట్టేయొచ్చు.

ఎక్కువ నష్టం ఇక్కడే. అంచున 'అ' అన్న అక్షరం ఒక్క కొటేషన్ లైనుకే ఉంది. దాని పైనున్న అడ్వాన్సు మాట కూడా అత్తదే అనుకోవడం చాలా తేలిక, ఇంటి పెద్ద కదా అనిపిస్తుంది. కానీ ఈ పరిశోధనలో అసలు ప్రశ్నే అడ్వాన్సు డబ్బు ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందన్నది. ఆ మాట అత్త చెప్పిందంటే ఒక అర్థం, కోడలు చెప్పిందంటే ఇంకో అర్థం. పక్కింటామె చెబితే అది ఆ ఇంటి సమాచారం కూడా కాదు, ఊళ్లో అనుకునే మాట. అందుకే 'తెలియదు' అనే లేబుల్ ఉండాలి, దాన్ని వాడటానికి మొహమాటపడకూడదు.

పుస్తకం వచ్చిన వెంటనే నేను పరిశోధకుల్ని కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడుగుతాను. అంచున రాసిన అక్షరాలకి అర్థమేంటి? కొటేషన్ గుర్తులు అక్కడికక్కడే పెట్టారా, రాత్రి రూముకొచ్చి నోట్సు పెంచి రాసినప్పుడు పెట్టారా? రాత్రి గుర్తు చేసుకుని పెట్టిన కొటేషన్‌కి నేను 'యథాతథం' అని వేయను, 'దాదాపు' అని వేస్తాను. థీసిస్‌లో కొటేషన్లలో పెట్టడానికి యథాతథం మాత్రమే పనికొస్తుంది. మిగతావి 'అని చెప్పింది' అంటూ మన మాటల్లో రాసుకోవాలి. ఈ సంభాషణ ఆలస్యమైతే వాళ్లకీ గుర్తుండదు, అందుకే టైపింగ్ పూర్తయ్యేదాకా ఆగొద్దు.

'సేప నేదు'ని 'చేప లేదు' అని దిద్దడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. దిద్దితే అది యథాతథం కాదు. వెతుక్కోవడానికి సులువు కావాలంటే కోడ్ పేరు ప్రామాణిక తెలుగులో పెట్టుకోండి, మాటని మాత్రం ముట్టుకోవద్దు.

అపోహ: కోడింగ్ అంటే ముఖ్యమైన పదాలకి రంగు వేయడం.

కోడ్ పడాల్సింది విడిగా చదివినా అర్థమయ్యే భాగానికి, ఒంటరి పదానికి కాదు. 'అడ్వాన్సు' అన్న పదానికి కోడ్ పెడితే ఏమీ తెలియదు. [2-14-2] మొత్తానికి 'అడ్వాన్సుతో అప్పు తీర్చడం' అని పెడితే తెలుస్తుంది. ప్రతి కోడ్‌కీ ఒక నిర్వచనం రాసుకోవాలి: వేటకు వెళ్లేముందు తీసుకున్న డబ్బుతో పాత అప్పు తీర్చిన సందర్భాలు ఇందులోకి వస్తాయి, ఆ డబ్బు ఇంటి ఖర్చుకి వాడితే రావు. నిర్వచనం గట్టిదో కాదో తెలుసుకోవాలంటే అవే నాలుగైదు పేజీలు ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి పోల్చి చూడాలి. తేడా వచ్చిన చోట తప్పు సాధారణంగా నిర్వచనంలోనే ఉంటుంది. ఆలోచన లైన్లకి ఈ కోడ్లు అసలు పెట్టొద్దు.

అపోహ: పేరు తీసేస్తే ఎవరో తెలియదు.

2018లో పాకిస్తాన్ పట్టుకుని 2020 జనవరిలో వదిలిపెట్టిన మత్స్యకారుల్లో మన జిల్లా వాళ్లున్నారు. పేర్లు పేపర్లలో వచ్చేశాయి. అలాంటి ఇంటి మాటని పేరు తీసేసి 'అత్త' అని వేసినా, జైలు ముక్క ఒక్కటి ఉంటే ఊరు ఊరంతా గుర్తుపడుతుంది. అలాంటి చోట ఆ ముక్క తీసి చుక్కలు పెట్టాలి. తీస్తే అర్థం పోతుందనుకుంటే ఆ మాటని ఉటంకించడమే మానేయాలి. విశ్లేషణకి వాడుకోవచ్చు, అచ్చులోకి మాత్రం రాకూడదు.

అపోహ: డీటీపీ చేయించి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

డీటీపీ షాపుల్లో ఇప్పటికీ చాలావరకు అను ఫాంట్లలోనే కొడతారు. ప్రింటు ముచ్చటగా వస్తుంది. అదే ఫైల్‌ని కోడింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, ఏ మాటా వెతకలేం. యూనికోడ్‌లో కొట్టమని ముందే చెప్పాలి. యూనికోడ్‌లోనూ లేబుల్స్ ఒకే తీరుగా ఉండాలి: ఒకచోట 'అత్త |' అని, ఇంకోచోట 'అత్త|' అని ఉంటే కంప్యూటర్ వాటిని వేరువేరుగా చూస్తుంది. షాపు నుంచి ఫైల్ తెచ్చుకునే ముందు అక్కడే వాట్సాప్‌లో మీ ఫోన్‌కి ఒక పేరా కాపీ చేసి మెసేజ్‌గా పంపించమనండి. తెలుగులో కనిపించకపోతే డబ్బులివ్వకుండా మళ్లీ కొట్టించుకోండి.