నాగాకు కోత ఎంత? ముప్పైతో భాగిస్తే ఒకటి, ఇరవై ఆరుతో భాగిస్తే మరొకటి

వరదల కాలం వచ్చిందంటే కోనసీమ లంక గ్రామాల నుంచి ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు రెండు కష్టాలు. కాజ్‌వే మునిగి ఊరు దాటలేకపోవడం మొదటిది. నెలాఖరున జీతం చీటీలో కనిపించే కోత రెండోది. వరదను ఎవరూ ఆపలేరు కానీ, ఆ కోత ఎంత ఉండాలన్నది మాత్రం ఎప్పుడో తేలిన విషయం. తేలిన విషయాన్ని కూడా ఒక్కో ఆఫీసు ఒక్కో రకంగా లెక్కగడుతోంది.

రావులపాలెంలో ఒక గోదాము గుమాస్తాను ఉదాహరణగా తీసుకుందాం. ఆయన నెల జీతం 16,200 రూపాయలు. ఆదివారం సెలవు. అది 31 రోజుల నెల, అందులో నాలుగు ఆదివారాలు, అంటే పని దినాలు 27. వరద నీరు రోడ్డెక్కడంతో ఆయన శనివారం, సోమవారం పనికి రాలేకపోయాడు. సెలవులు అప్పటికే అయిపోయాయి కాబట్టి ఆ రెండు రోజులకూ జీతం కోయాలి.

ముప్పైతో భాగించే ఆఫీసులో రోజు జీతం 540 రూపాయలు, రెండు రోజుల కోత 1,080. పని దినాలతో, అంటే 27తో భాగిస్తే రోజుకు 600, కోత 1,200. ఏ నెలైనా 26తోనే భాగించే చోట రోజుకు 623, కోత 1,246. మనిషి అదే, నాగాలు అవే. మారింది భాగించిన అంకె ఒక్కటే.

ఇంతవరకూ తేడా రెండు వందల లోపే. అసలు దెబ్బ మధ్యలో ఉన్న ఆదివారం దగ్గర పడుతుంది. శనివారం రాలేదు, సోమవారం రాలేదు కాబట్టి ఆదివారాన్నీ నాగాగానే రాస్తారు. అప్పుడు రెండు రోజులు మూడవుతాయి. ముప్పై లెక్కన కోత 1,620కి, 26 లెక్కన 1,869కి చేరుతుంది. పనికి రమ్మని ఎవరూ చెప్పని రోజుకు జీతం పోయింది. నా దృష్టిలో ఇది అన్యాయం. చట్టం మాట కూడా అదే.

ఆ చట్టం వెనుక కథ పాతది. 1920ల్లో బొంబాయి ప్రెసిడెన్సీలోని బట్టల మిల్లుల్లో ‘డబుల్ ఖాడా’ అనే పద్ధతి ఉండేది. కార్మికుడు ఒక రోజు రాకపోతే రెండు రోజుల కూలీ కోసేవారు. దానికి తోడు జరిమానాలు, పాడైన బట్ట పేరు మీద కోతలు. విట్లీ అధ్యక్షతన 1929లో ఏర్పడిన కార్మిక రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో ఈ కోతలు చర్చకు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిందే 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం. అది 1937 మార్చి 28 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట ఫ్యాక్టరీలకు, రైల్వేలకు పరిమితమైంది కాబట్టి, డెల్టాలో ఫ్యాక్టరీ లెక్కలోకి వచ్చిన మిల్లుల వరకే దాని నీడ పడింది. దుకాణాల గుమాస్తాలకు అది అందలేదు.

ఆ చట్టంలోని 9వ సెక్షన్ నాగా కోతకు హద్దు గీసింది. ముప్పై అనలేదు, ఇరవై ఆరు అనలేదు. ఒక నిష్పత్తి చెప్పింది. ఉద్యోగ షరతుల ప్రకారం ఆ జీత కాలంలో మనిషి పని చేయాల్సిన సమయం మొత్తం ఎంతో చూడాలి. అందులో ఆయన రాని సమయం ఎంత వంతో, జీతంలో కోత అంత వంతుకు మించకూడదు. తక్కువ కోసుకోవచ్చు, ఎక్కువ కోయకూడదు. పది మంది, అంతకు మించి కూడబలుక్కొని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పని మానేస్తే మాత్రం ఎనిమిది రోజుల కూలీ వరకూ కోయవచ్చని ఒక మినహాయింపు ఇచ్చింది. డబుల్ ఖాడాకు ఇక చోటు లేకుండా పోయింది.

మన గుమాస్తా పని చేయాల్సిన రోజులు 27, రానివి రెండు. 27 వంతుల్లో రెండు వంతుల లెక్కన 16,200లో 1,200 రూపాయలు. అదే హద్దు. ఆదివారం ఆయన పని చేయాల్సిన రోజు కాదు కాబట్టి రావాల్సిన రోజుల్లోనూ చేరదు, రాని రోజుల్లోనూ చేరదు. ముప్పైతో భాగించి రెండు రోజులకు కోసిన 1,080 హద్దులోనే ఉంది. ఆదివారం కలిపిన 1,620 హద్దు దాటింది. అందరూ చట్టబద్ధమని నమ్మే 26 లెక్క కూడా ఈ నెలలో 46 రూపాయలు దాటింది, ఎందుకంటే పని దినాలు 27 ఉన్నాయి.

మరి ఈ 26 ఎక్కడిది? ముప్పై రోజుల్లో నాలుగు వారాంతపు సెలవులు తీసేస్తే మిగిలేది. దానికి అంత బలం వచ్చింది గ్రాట్యుటీ తగాదాల వల్ల. ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం ఇవ్వాలని 1972 చట్టం చెప్పింది కానీ, ఒక రోజు జీతం ఎంతో చెప్పలేదు. యజమానులు ముప్పైతో భాగిస్తామన్నారు. 1980లో దిగ్విజయ్ వూలెన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు 26తో భాగించడమే సరైనదని చెప్పింది. 1987లో సవరణతో ఆ అంకె గ్రాట్యుటీ చట్టంలోనే చేరింది. మన గుమాస్తాకు ఏడాదికి 26 లెక్కన 9,346 రూపాయలు వస్తాయి, ముప్పై లెక్కన అయితే 8,100 వచ్చేవి.

ఇవ్వాల్సినప్పుడు చిన్న అంకెతో భాగిస్తే ఉద్యోగికి లాభం, కోయాల్సినప్పుడు నష్టం. అందుకే గ్రాట్యుటీ కోసం పుట్టిన అంకెను నాగాకు తెచ్చి పెట్టడాన్ని నేను ఒప్పుకోను. సెలవులు డబ్బుగా మార్చుకునేటప్పుడు ముప్పై, నాగా కోసేటప్పుడు ఇరవై ఆరు వాడే ఆఫీసు అయితే రెండు వైపులా ఉద్యోగి దగ్గరే మిగుల్చుకుంటోంది.

అలాగని ముప్పై నిర్దోషి కాదు. ఆ పద్ధతిలో ఆదివారానికీ జీతంలో వాటా పడుతుంది. కాబట్టి నెలలోని 27 పని దినాలూ రాని వ్యక్తికి కూడా 1,620 రూపాయలు మిగులుతాయి. ఇది భరించలేకే యజమానులు ఆదివారాలను నాగాలో కలపడం మొదలుపెడతారు. కలిపితే ఇంకో వింత జరుగుతుంది. 31 రోజుల నెలలో ఒక్క రోజు పని చేసి మిగతా ముప్పై రోజులూ రాని మనిషికి కోత ముప్పై సార్లు 540, అంటే జీతం మొత్తం. చేసిన ఆ ఒక్క రోజుకూ పైసా రాదు. చట్టం లెక్కన ఆయనకు 600 రావాలి.

1936 నాటి పాత చట్టం ఇటీవలి వరకూ నెలకు 24,000 రూపాయల లోపు జీతం వాళ్లకే వర్తించేది. 2019 వేతనాల కోడ్ ఆ పరిమితిని తీసేసింది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. నాగా నిష్పత్తి మాత్రం దాదాపు అదే మాటలతో 20వ సెక్షన్‌లోకి వచ్చింది.

చీటీ చేతికొచ్చినప్పుడు సరిచూసుకోవడానికి హాజరు పట్టీ ఉంటే చాలు. ముందు ఆ నెలలో మీరు రావాల్సిన రోజులు లెక్కపెట్టండి, తర్వాత రాని రోజులు. జీతాన్ని మొదటి అంకెతో భాగించి రెండో అంకెతో హెచ్చించండి. చీటీలో కోత అంతకు మించి ఉంటే, ఏ అంకెతో భాగించారో, ఆదివారం కలిపారో లేదో రాతపూర్వకంగా అడగండి. సర్దకపోతే కోడ్ కింద నియమించిన అధికారికి మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తప్పుగా కోసింది తిరిగి ఇప్పించడమే కాక, దానికి పది రెట్ల వరకూ పరిహారం వేసే అధికారం ఆయనకుంది.