గొట్టం పైకెత్తిన వేసవి: గ్రైండింగ్ బల్ల దగ్గర గొడవకు మూలం ఎక్కడుంది?

తాడిపత్రి దగ్గరి ఒక గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో బండల అంచులు రుద్దే కార్మికులు ఈ వారం మళ్లీ పని ఆపారు. దుమ్ము లాగే బ్లోయర్‌కు 3 హార్స్‌పవర్ మోటారు తీసి 5 హార్స్‌పవర్ మోటారు పెట్టామని యాజమాన్యం చెబుతోంది. గొట్టం మూతి దగ్గర గాలి వేగం సెకనుకు 24 మీటర్లు ఉందని కొలిచిన కాగితం కూడా చూపిస్తోంది. సాయంత్రానికి కనురెప్పల మీద అదే రాతి పిండి పేరుకుంటోందని కార్మికులు అంటున్నారు. విచిత్రమేమిటంటే ఇద్దరి మాటా నిజమే.

యూనిట్ ఎప్పుడు మొదలైందో, మొదటి ఫిర్యాదు ఎవరు చేశారో ఇప్పటికే చాలామందికి తెలుసు. ఈ వివాదాన్ని అర్థం చేసుకోవడానికి అవి అంతగా అవసరం లేదు. చూడాల్సింది మూడేళ్ల క్రితం వేసవిలో జరిగిన ఒక చిన్న మార్పును. అప్పటివరకు 20 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టం మూతి బల్ల వెనుక వైపు, గ్రైండింగ్ చక్రం రాయిని తాకే చోటికి జానెడు కన్నా తక్కువ దూరంలో, సుమారు 15 సెంటీమీటర్లలో ఉండేది. వంటగది గట్లకు పొడవాటి బండల ఆర్డర్లు పెరిగాయి. బండను తిప్పినప్పుడల్లా దాని మూల గొట్టానికి తగిలేది. ఒకరోజు గొట్టాన్ని ఊడదీసి, బల్లకు నేరుగా పైన 45 సెంటీమీటర్ల ఎత్తులో వేలాడదీశారు. బ్లోయర్ అదే, మోటారు అదే, శబ్దం కూడా అదే. తేడా ఎవరికీ వినిపించలేదు.

ఊదే గాలి దూరం పోతుంది, పీల్చే గాలికి ఆ శక్తి లేదు. ఫ్యాను ముందు నాలుగడుగుల దూరంలో నిలబడినా గాలి తగులుతుంది, అదే ఫ్యాను వెనుక జానెడు దూరంలో కూడా పెద్దగా తెలియదు. పీల్చే మూతిలోకి గాలి అన్ని దిక్కుల నుంచీ వచ్చి చేరుతుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ దాని పట్టు చాలా త్వరగా సడలిపోతుంది. 1930లలో అమెరికాలో డల్లావాలే అనే ఇంజనీరు ఈ సడలింపును కొలిచి ఒక సూత్రం ఇచ్చారు. నేటికీ లెక్క మొదలయ్యేది దానితోనే:

```
Q = V (10 X² + A)
```

ఇందులో Q అంటే సెకనుకు లాగే గాలి ఘనపరిమాణం, X మూతి నుంచి దుమ్ము పుట్టే చోటికి దూరం, A మూతి వైశాల్యం. V అంటే దుమ్ము పుట్టే చోట గాలికి ఉండే వేగం, అంటే పట్టు వేగం. పాత మోటారుతో గొట్టంలో గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయేది. ఆ లెక్కన Q సుమారు 0.63 ఘనపు మీటర్లు. మూతి 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు చక్రం దగ్గర పట్టు వేగం సుమారు సెకనుకు రెండున్నర మీటర్లు. అదే మూతి 45 సెంటీమీటర్లకు వెళ్లేసరికి 0.31 మీటర్లే మిగిలింది. ఎనిమిదో వంతు.

గ్రైండింగ్ వంటి పనులకు ఈ రంగంలో వాడే పట్టు వేగం సెకనుకు రెండున్నర నుంచి 10 మీటర్లు. అంటే గొట్టం వెనుక ఉన్నప్పుడు కూడా అది అవసరానికి అంచునే ఉంది. పైకెత్తిన తర్వాత ఆ అంచు నుంచి కూడా పడిపోయింది.

ఇప్పుడు కొత్త మోటారు సంగతి. అదే గొట్టం గుండా రెట్టింపు గాలి పంపాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. అందువల్ల 3 నుంచి 5 హార్స్‌పవర్‌కు పెంచితే వచ్చే అదనపు గాలి 19 శాతానికి మించదు. మూతి దగ్గర 20 మీటర్లు 24 అయింది, అది కొలిచే పరికరంలో గొప్పగా కనిపిస్తుంది. చక్రం దగ్గర మాత్రం 0.31 మీటర్లు 0.36 అయింది. యాజమాన్యం కొలిచింది మూతి దగ్గర, కార్మికులు పీల్చేది చక్రం దగ్గర. తగవంతా ఈ 45 సెంటీమీటర్ల మధ్యలోనే ఉంది.

0.36 మీటర్ల వేగం ఎంత బలహీనమో అనంతపురం వేసవిలో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. షెడ్డుకు రెండు వైపులా గోడలు లేవు. ఏప్రిల్ వచ్చేసరికి ప్రతి బల్ల పక్కనా నిలువు ఫ్యాను వెలుస్తుంది. దాని గాలి సెకనుకు ఒక మీటరు ఉన్నా చాలు, గొట్టం లాగే దుమ్మును పక్క బల్ల మీదికి తోసేస్తుంది. ఫ్యాను తీసేయమని ఆదేశించడం తేలిక. నలభై దాటిన ఎండలో ఆ మాట చెప్పేవారు ముందు ఆ బల్ల దగ్గర ఒక గంట కూర్చోవాలి.

పైనుంచి లాగడంలో మరో దోషం ఉంది. కార్మికుడు బండ మీదికి వంగి పనిచేస్తాడు. అంటే బల్లకూ గొట్టానికీ మధ్యలో అతని ముఖం ఉంటుంది. లాగిన కొద్దిపాటి దుమ్ము కూడా ముందు అతని ముక్కు పక్కనుంచి పోతుంది. పైగా 100 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 11 వేల చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు సుమారు 58 మీటర్లు. అది తనతో పాటు గాలినీ ఒక దిక్కుకు చిమ్ముతుంది. గొట్టం మూతి ఆ చిమ్మే దిక్కులో ఎదురుగా ఉంటే చక్రమే సాయం చేస్తుంది, లేకపోతే అదే ఎదురుతిరుగుతుంది. సూత్రం నిశ్చలమైన గాలికి వర్తించేది, ఈ చిమ్ముడును అది లెక్కలోకి తీసుకోదు.

రెండేళ్ల క్రితం తనిఖీలో అంతా సరిగా ఉందని ఎలా తేలిందన్న ప్రశ్న ఇప్పుడు మళ్లీ వచ్చింది. అప్పుడు గొట్టంలో పీడనం కొలిచారు. మంచి పరీక్షే. మొదట 48 మిల్లీమీటర్ల నీటిమట్టం చూపిన చోట తర్వాత 12 చూపితే గాలి సగానికి పడిపోయిందని, దుమ్ము పట్టే సంచి మూసుకుపోయిందో గొట్టంలో దుమ్ము పేరుకుందో అని తెలిసిపోతుంది. కానీ గొట్టాన్ని బల్ల పక్కన పెట్టినా, పైకప్పుకు కట్టినా ఆ పీడనం మారదు. మూతి ఎక్కడుందో ఆ అంకె చెప్పలేదు.

చెప్పగలిగే పరీక్షలు చవకైనవి. చక్రం తాకే చోట వెలిగించిన అగరుబత్తి పట్టుకుంటే పొగ నేరుగా మూతిలోకి పోవాలి, తడబడకూడదు. గ్రైండర్ ఆపి ఒకసారి, నడిపిస్తూ ఒకసారి, ఫ్యాను వేసి ఒకసారి చూడాలి. రెండోది దీపం పరీక్ష. షెడ్డు చీకటి చేసి, పనిచేసేవాడి వెనుక నుంచి బలమైన సన్నటి వెలుగు పంపి, ఆ వెలుగు కళ్లలో నేరుగా పడకుండా అడ్డుపెట్టుకుని దాని వైపు చూడాలి. పగలు కంటికి ఆనని మెత్తటి ధూళి అప్పుడు పొగలా కనిపిస్తుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరేది ఆ ధూళే. కళ్లకు కనిపించే గరుకు రవ్వలు మూతిలోకి పోతుంటే చాలనుకోవడం ఇక్కడి మేస్త్రీలు కూడా తరచూ చేసే పొరపాటు. కార్మికులే కిందటి నెల ఒక రాత్రి టార్చితో ఈ పరీక్ష చేశారు. ధూళి గొట్టం వైపు వెళ్లకుండా మనిషి ఛాతీ దగ్గర సుడి తిరగడం వాళ్లు చూశారు. తాజా గొడవ రాజుకున్నది అక్కడే.

రాయి సంగతి కూడా చెప్పాలి. ఇదే బల్ల మీద నల్ల రాయి, ఎర్ర గ్రానైటు రెండూ రుద్దుతారు. వ్యాపారంలో నల్ల గ్రానైటు అని పిలిచే రాళ్లలో చాలావాటిలో క్వార్ట్జ్ అనే ఖనిజం తక్కువ. ఎర్ర, బూడిద రంగు గ్రానైట్లలో మాత్రం పావు వంతుకు పైగా ఉండవచ్చు. సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు కారణం ఆ క్వార్ట్జ్ ధూళే. 2025 నవంబరు వరకు అమలులో ఉన్న ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో పీల్చదగ్గ ధూళికి పరిమితిని క్వార్ట్జ్ శాతానికి రెండు కలిపి, ఆ మొత్తంతో పదిని భాగించి రాబట్టేవారు. క్వార్ట్జ్ 30 శాతమైతే ఘనపు మీటరుకు 0.31 మిల్లీగ్రాములు. ఏ రాయి రుద్దిన రోజు కొలిచారన్నది అందుకే ముఖ్యం.

యాజమాన్యం వాదన ఒకటి తోసిపుచ్చలేనిది. పాత చోటే గొట్టం పెడితే పొడవు బండ తిరగదు. దానికి జవాబు మోటారులో లేదు. కీలున్న చేయికి మూతిని బిగిస్తే బండ తిప్పేటప్పుడు పక్కకు నెట్టి, మళ్లీ దగ్గరికి లాక్కోవచ్చు. మూతి చుట్టూ రేకు అంచు కడితే అదే పట్టుకు నాలుగో వంతు గాలి ఆదా అవుతుంది. బల్లకు వెనుకా పక్కలా పలకలు నిలిపితే ఫ్యాను గాలి కూడా ఆగుతుంది.

1948 నాటి ఆ ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ దుమ్ము లాగే ఏర్పాటు దుమ్ము పుట్టే చోటికి వీలైనంత దగ్గరగా ఉండాలని, ఆ చోటును వీలైనంత మూసి ఉంచాలని చెప్పింది. అందులో మోటారు హార్స్‌పవర్ ప్రస్తావన లేదు. కార్మికులు ఇప్పుడు అడుగుతున్నది కూడా మోటారు కాదు. బల్ల మీద చక్రం తాకే చోటు నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర రంగుతో గీత గీయాలి, మూతి ఆ గీత దాటి ఉన్నప్పుడు పని మొదలుపెట్టమని ఎవరూ చెప్పకూడదు. చర్చలు ఆగినది ఈ గీత దగ్గరే.