ముసలి పిల్లి కిటికీ ఎందుకు ఎక్కడం లేదు? అపోహలు - వాస్తవాలు

సత్యనారాయణపురం నుంచి ఒక రిటైర్డు టీచరుగారు తమ 14 ఏళ్ల పిల్లి బుజ్జిని బుట్టలో పెట్టుకొని మా క్లినిక్కుకు వచ్చారు. "డాక్టరమ్మా, ఇన్నేళ్లూ ఇసుక ట్రేలోనే పోసేది. ఇప్పుడు దాని పక్కనే గచ్చు మీద పోస్తోంది. ముసలితనంలో మొండితనం" అన్నారు. మూత్ర పరీక్షలో తేడా ఏమీ లేదు. కీళ్ల నొప్పేమోనని నాకు అనుమానం వచ్చింది. క్లినిక్కులో పిల్లి భయంతో ముడుచుకు కూర్చుంటుంది, నడక చూపించదు. అందుకే ఇంట్లో అది ఎక్కడం, దిగడం ఫోనులో వీడియో తీసి పంపమన్నాను.

అపోహ: కుంటడం లేదు, అరవడం లేదు. కాబట్టి నొప్పి లేదు.

పిల్లికి కీళ్లు చాలాసార్లు రెండు వైపులా అరుగుతాయి. మోచేతులైతే రెండూ, తుంటి కీళ్లైతే రెండూ. కుంటాలంటే బరువు మోపడానికి రెండో కాలైనా బాగుండాలి కదా! అందుకని అది కుంటదు, పని మానేస్తుంది. మనం చూడవలసింది అది మానేసిన పనులను.

వీడియోలో బుజ్జి మూడడుగుల కిటికీ గట్టు కింద నిలబడి పైకి చూసింది. వెనక కాళ్లు సర్దుకుంది. మళ్లీ కూర్చుంది. చివరికి ముందు పాదాలు గట్టుకు తగిలించి, గోళ్లతో ఒళ్లు పైకి లాక్కుంది. ఒక్క దూకులో ఎక్కే పిల్లి ఇలా పాకిందంటే తుంటి, మోకాళ్ల మీద అనుమానం. దిగేటప్పుడు ముందు పాదాలను గోడ వెంట జార్చి, నేలకు దగ్గరయ్యాక గాని వదలలేదు. అది మోచేతుల సంగతి. ట్రే గోడ ఏడంగుళాల ఎత్తు. దాన్ని దాటలేకే పక్కన పోస్తోంది.

నడుము దగ్గర బొచ్చు ఉండలు కట్టడం, గోళ్లు మందంగా పెరిగి పాదాల మెత్తలోకి దిగడం, ఒళ్లు నిమిరితే విసుక్కోవడం కూడా ఇదే కోవలోవి. గచ్చు మీద పడుకోవడాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. మే నెల బెజవాడలో కుర్ర పిల్లి కూడా అక్కడే పడుకుంటుంది.

అపోహ: ఎక్స్‌రే తీస్తే తేలిపోతుంది.

సగమే నిజం. 2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్ల మార్పులు కనబడ్డాయి. అవన్నీ నొప్పితో ఉన్నట్టు కాదు. కొన్నిటికి ఫిల్ము బాగానే ఉన్నా కీలు నొప్పి పుడుతుంది. నేను ఎక్స్‌రే కంటే వీడియోనే ఎక్కువ నమ్ముతాను.

అపోహ: నొప్పికి మన పారాసెటమాల్ అర ముక్క వేస్తే చాలు.

దయచేసి వేయకండి. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మిగిలిన విషం రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. చిగుళ్లు మట్టి రంగుకు మారతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి ఆడదు. ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. పొరపాటున వేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే తీసుకురండి.

పిల్లులకు వాడే మెలోక్సికామ్ చుక్కల మందు ఉంది. ముసలి పిల్లుల్లో కిడ్నీ జబ్బు కూడా ఎక్కువ కనుక ముందుగా రక్తం, మూత్రం పరీక్షించి, తూకాన్ని బట్టి మోతాదు కడతాం. తిండి మానేసినా, వాంతి చేసుకున్నా మందు ఆపి మాకు ఫోను చేయాలి.

అపోహ: దూకకుండా కట్టడి చేయాలి.

వద్దు. కదలకపోతే కండ కరుగుతుంది, కీలు ఇంకా బిగుస్తుంది. ఎత్తును ముక్కలు చేయండి. టీచరుగారు కిటికీ కింద అడుగు ఎత్తు పీట, దాని పక్కన రెండడుగుల స్టూలు కదలకుండా వేసి, పట్టు కోసం పైన గోనెసంచి కట్టారు. నున్నటి టైల్సు మీద అది నడిచే దారిలో పాత జంపఖానా పరిచారు. ట్రేకు ఒక వైపు గోడను రెండంగుళాలకు కోసి, అంచు గీసుకోకుండా టేపు వేశారు. రెండో ట్రే, నీళ్ల గిన్నె అది పడుకునే గదిలోనే పెట్టారు. ఆ ఇంట్లో ఇంకో లోపం, మొదటి ట్రే మేడ మీద ఉండటం అని నాకు తర్వాత తెలిసింది!

బుజ్జి బరువు 5.6 కిలోలు, ఉండవలసినదానికన్నా కిలో ఎక్కువ. వారానికి 50 గ్రాములకు మించకుండా తగ్గించమన్నాను. లావు పిల్లిని పస్తు పెడితే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది.

ఆరు వారాల తర్వాత వచ్చిన వీడియోలో బుజ్జి పీట, స్టూలు, కిటికీ ఆగకుండా ఎక్కింది. ట్రే బయట పోయడం మానేసింది. దిగేటప్పుడు మాత్రం ఇంకా గోడ వెంట పాదాలు జారుస్తోంది. అరిగిన మోచేయి మళ్లీ పెరగదు కాబట్టి, స్టూలు అక్కడే ఉంచమని చెప్పాను.