తమ్ముడికి రాసే వ్యాపార ఆహ్వానం: అపోహలు – వాస్తవాలు

"టమాటా ఎండబెట్టి పొడి చేసే యూనిట్ పెడదాం తమ్ముడూ. పెట్టుబడి నాది, నడిపేది నువ్వు." విదేశంలో ఇంజినీరుగా ఉన్న అన్న, బాబాయి కొడుక్కి రాసే మెయిలు దాదాపు ఇలాగే ఉంటుంది. ఆహార శుద్ధి యూనిట్లకు సలహాలిచ్చే నా దగ్గరకు అవి అభిప్రాయం కోసం వస్తుంటాయి. వాటిలో తరచూ కనిపించే అపోహలు ఇవి.

అపోహ: యంత్రం సామర్థ్యం రాస్తే లెక్క తేలినట్టే.

వాస్తవం: తమ్ముడికి ముందుగా తెలియాల్సింది ఎంత కొంటే ఎంత మిగులుతుందన్నది. 100 కిలోల టమాటా కొన్నారనుకుందాం. కుళ్లినవీ తొడిమలూ తీసేస్తే 90 కిలోలు మిగిలాయి. టమాటాలో సుమారు 94 శాతం నీరే కాబట్టి, ఇందులో ఘనపదార్థం 5.4 కిలోలు. పది శాతం తేమ ఉంచి ఎండబెడితే చేతికొచ్చేది 6 కిలోలే! అంటే కిలో పొడికి దాదాపు 17 కిలోల పంట కావాలి. పంట ధర కాస్త పెరిగినా, కిలో పొడి ఖర్చు దానికి 17 రెట్లు పెరుగుతుంది. ఆవిరైపోయే 84 కిలోల నీటికి ఇంధనం ఖర్చు వేరే. మెయిలులో మొదటి పేరా ఈ లెక్కే కావాలి.

అపోహ: ఎండిన సరుకు పాడవదు, కాబట్టి నాణ్యతను దూరం నుంచే చూసుకోవచ్చు.

వాస్తవం: త్వరగా అవ్వాలని మొదట్లోనే వేడి బాగా పెంచితే ముక్క పైభాగం గట్టిపడి, లోపలి తడి బయటకు రాలేదు. డ్రయర్ నుంచి తీసినప్పుడు ముక్క పెళపెళలాడుతుంది. దాన్ని గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచి చూడండి. లోపలి తడి అంతటా పరుచుకుని, పొద్దునకు ముక్క మెత్తబడుతుంది. అలాగే ప్యాక్ చేస్తే బూజు పడుతుంది. కెమెరాలో ఇది కనిపించదు, వేళ్లతో నొక్కి చూస్తేనే తెలుస్తుంది. అందుకే సరుకు పంపడం ఆపే అధికారం తమ్ముడికి ఉంటుందని, అందుకు అన్న అనుమతి అక్కర్లేదని మెయిలులో రాయాలి. నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క వాక్యం కోసమే.

అపోహ: అన్నదమ్ముల మధ్య సగం సగం అంటే చాలు.

వాస్తవం: తమ్ముడు రోజూ చేసే పనికి జీతం వేరు, లాభంలో వాటా వేరు. మొదటి పంటకాలంలో లాభం లేకపోతే, వాటా మీదే ఆధారపడ్డ తమ్ముడి ఇల్లు ఎలా గడుస్తుంది? మామూలు భాగస్వామ్యమైతే సంస్థ అప్పుకు ఆయన సొంత ఆస్తి కూడా పూచీ పడుతుంది. ఆ సంగతి ఆయన ఒప్పుకోకముందే చెప్పాలి. వద్దనుకుంటే ఎన్నాళ్ల ముందు చెప్పి తప్పుకోవచ్చో, అప్పుడు ఆయన వాటాకు విలువ ఎవరు కడతారో కూడా అదే మెయిలులో రాయాలి.