బ్యాంకుకు వెళ్లిన కాపీ ఏది? స్టాక్ స్టేట్‌మెంట్ ఫైళ్లపై అపోహలు – వాస్తవాలు

క్యాష్ క్రెడిట్ లిమిట్ ఉన్న కంపెనీల్లో అకౌంట్స్ వాళ్లకు నెల తిరిగేసరికి ఒక పని తప్పదు. నెలాఖరుకు సరుకు ఎంత ఉంది, పార్టీల నుంచి రావలసింది ఎంత, సప్లయర్లకు ఇవ్వవలసింది ఎంత అని లెక్క తీసి బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్ పంపాలి. దాన్నిబట్టే బ్యాంకు డ్రాయింగ్ పవర్, అంటే లిమిట్‌లో ఎంతవరకు వాడుకోవచ్చో, లెక్కగడుతుంది. పంపేశాక ఆ ఫైలు ఊసు ఎవరూ ఎత్తరు, ఆడిటర్ వచ్చి "డిసెంబర్‌కు బ్యాంకుకు ఇచ్చిన కాపీ ఏదండీ?" అనేదాకా. ఆడిటర్ రిపోర్టులో ఏమేం రాయాలో చెప్పే కారో 2020 ఆదేశం వర్తించే కంపెనీకి సరుకు, బాకీల హామీ మీద ఐదు కోట్లకు మించి వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ఉంటే ఆయన అడిగి తీరాలి. బ్యాంకుకు ఇచ్చిన త్రైమాసిక స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోయాయో లేదో తన రిపోర్టులో రాయాలి మరి.

అపోహ: డేటా అంతా టాలీలో ఉంది, కావాలంటే ఎప్పుడైనా మళ్లీ తీయొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు తెచ్చేది ఇదే. ఈ రోజు టాలీలో డిసెంబర్ 31 తేదీ పెట్టి తీస్తే వచ్చేది, డిసెంబర్ గురించి పుస్తకాలు ఈ రోజు చెప్పే మాట. జనవరి 7న అవే పుస్తకాలు ఏం చెప్పాయో అందులో కనిపించదు.

ఒక ఉదాహరణ చూడండి. 2024 డిసెంబర్ స్టేట్‌మెంట్ జనవరి 7న వెళ్లింది. అందులో సరుకు 6.20 కోట్లు, రావలసిన బాకీలు 4.85 కోట్లు. జనవరి 18న డిసెంబర్ 30 తేదీతో ఒక కొనుగోలు బిల్లు చేతికొచ్చింది, 14 లక్షలది. సరుకు అప్పటికే గోడౌన్‌లో ఉంది, బిల్లే ఆలస్యం. దాన్ని డిసెంబర్ తేదీతోనే ఎక్కించారు. ఫిబ్రవరిలో ఒక కస్టమర్‌కు 3 లక్షల క్రెడిట్ నోట్, అదీ డిసెంబర్ 31 తేదీతోనే. ఇప్పుడు టాలీలో తీస్తే సరుకు 6.34, బాకీలు 4.82.

ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. జనవరి 7న పంపిన పీడీఎఫ్, ఆ రోజే టాలీ నుంచి తీసిన స్టాక్ సమ్మరీ, బాకీల జాబితా పక్కపక్కన ఉంటే ఈ తేడాకు జవాబు రెండు వాక్యాల్లో అయిపోతుంది. పైగా ఆ 14 లక్షలు సరుకులోనూ, సప్లయర్లకు ఇవ్వవలసిన దాంట్లోనూ పెరిగాయి కాబట్టి, సరుకులోంచి క్రెడిటర్లను తీసేసి లెక్కగట్టే బ్యాంకు దగ్గర దానివల్ల డ్రాయింగ్ పవర్ మారదు. ప్రభావం చూపేది 3 లక్షల క్రెడిట్ నోట్ ఒక్కటే. అదే పంపిన కాపీ లేకపోతే, 6.20 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే మనిషే ఉండడు.

"ఆడిట్ ట్రైల్ ఉంది కదా" అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అది ఉండాల్సిందే. కానీ ఏ వోచర్ ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు మారింది అన్నది మాత్రమే అది చెబుతుంది. బ్యాంకుకు పంపిన కాగితాన్ని అది దాచిపెట్టదు.

అపోహ: పేరులో FINAL అని ఉంటే అదే ఆఖరుది.

`Stock Dec final.xlsx`, `Stock Dec final new.xlsx`, `Stock Dec FINAL sir corrected.xlsx`. ఈ మూడూ లేని ఆఫీసు నాకింకా తగల్లేదు. వీటిలో బ్యాంకుకు వెళ్లింది ఏది? ఏ సంవత్సరం డిసెంబర్? పేరు చూస్తే తెలియదు. నేను వాడే పద్ధతి ఇదీ:

```
2024-12_StockStmt_v01.xlsx
2024-12_StockStmt_v02.xlsx
2024-12_StockStmt_v02_SENT-2025-01-07.pdf
```

మొదట ఉండేది లెక్క ఏ నెలదో ఆ నెల, తయారుచేసిన నెల కాదు. డిసెంబర్ లెక్క జనవరిలో చేస్తాం కాబట్టి, ఈ ఒక్క నియమం రాసి పెట్టుకోకపోతే ఒకరు 12 అనీ ఇంకొకరు 01 అనీ పెడతారు. సంవత్సరం ముందు, నెల అంకెల్లో ఉంటే ఫోల్డర్‌లో ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఫైళ్లు వాటంతట అవే వరుసలో నిలబడతాయి. Apr, Aug, Dec అని పేర్లు పెడితే అక్షరక్రమంలో ఏప్రిల్ తర్వాత ఆగస్టు వచ్చి కూర్చుంటుంది.

SENT అన్న మాట పడ్డాక ఆ ఫైలును ఎవరూ ముట్టుకోకూడదు. బ్యాంకు సవరణ అడిగితే v03 చేసి, దానికి వేరే SENT తేదీ వేయాలి. పాత v02ను తీసేయకూడదు, అది కూడా బ్యాంకుకు వెళ్లిందే.

అపోహ: పేరు ఎలా ఉన్నా 'డేట్ మాడిఫైడ్' చూస్తే తెలుస్తుంది.

ఎవరో ఫైలు తెరిచి కాలమ్ వెడల్పు పెంచి సేవ్ కొడితే ఆ తేదీ మారిపోతుంది. మెయిల్ నుంచి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుంటే డౌన్‌లోడ్ చేసిన రోజే కనిపిస్తుంది. నమ్మదగిన తేదీ మీరు పంపిన మెయిల్‌లో ఉంటుంది, అందుకే ఆ మెయిల్‌ను కూడా ఫైలుగా సేవ్ చేసి పక్కనే పెట్టండి.

అపోహ: ఎక్సెల్ ఫైలును ఎవరూ ముట్టుకోకపోతే అంకెలు మారవు.

బాకీల వయసు లెక్కగట్టే షీట్‌లో ఈ ఫార్ములా చాలాచోట్ల కనిపిస్తుంది:

```
=TODAY()-B5
```

B5లో బిల్లు తేదీ ఉంటుంది. డిసెంబర్‌లో 40 రోజుల బాకీ అని చూపించిన బిల్లు, అదే ఫైలును వచ్చే డిసెంబర్‌లో తెరిస్తే 400 రోజులు దాటినట్టు చూపిస్తుంది. 90 రోజులు దాటిన బాకీలను లెక్కలోకి తీసుకోని బ్యాంకయితే, ఆ షీట్‌లో డ్రాయింగ్ పవర్‌కు పనికొచ్చే బాకీ సున్నా అయిపోతుంది. ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చలేదు! నెలాఖరు తేదీని ఒక గడిలో చేత్తో రాసి, దాన్నే వాడాలి:

```
=$B$1-B5
```

ఇంకో ఫైలుకు లింకులున్న షీట్లదీ ఇదే తంతు. తెరవగానే లింకులు అప్‌డేట్ చేయాలా అని అడుగుతుంది, కంగారులో 'అప్‌డేట్' నొక్కితే ఈ నెల అంకెలు పాత నెలలోకి వచ్చేస్తాయి. పంపే ముందు లింకులను విలువలుగా మార్చేయండి, పీడీఎఫ్ ఎలాగూ ఉండాలి.

అపోహ: ఫోల్డర్లు ఎన్ని ఉంటే అంత పద్ధతి.

మూడు మెట్లు చాలు: `FY2024-25`, దానిలో `2024-12`, దానిలో `01_Source`, `02_Working`, `03_Sent`. టాలీ నుంచి ఆ రోజు తీసినవి మొదటి దాంట్లో, పంపిన పీడీఎఫ్, మెయిల్, బ్యాంకు రసీదు చివరి దాంట్లో. బ్యాంకు పేరు, బ్రాంచ్ పేరు, తయారుచేసిన వాళ్ల పేరు అని లోపలికి తవ్వుకుంటూ పోతే, ఫోల్డర్ల పేర్లతో కలిపి మొత్తం 218 అక్షరాలు దాటిన చోట ఎక్సెల్ మొరాయిస్తుంది.

అపోహ: డ్రైవ్‌లో పెట్టాం, ఇక భద్రం.

సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఒకరు డిలీట్ చేస్తే అందరి దగ్గరా పోతుంది. గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన ఎక్సెల్, పీడీఎఫ్ ఫైళ్ల పాత వెర్షన్లను 'ఎప్పటికీ ఉంచు' అని ప్రత్యేకంగా చెప్పకపోతే 30 రోజుల తర్వాత తీసేయవచ్చు. కంపెనీల చట్టం ప్రకారం పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి, అంటే 2024-25వి 2033 మార్చి దాకా. వాటికి ఆధారాలైన ఈ ఫైళ్లనూ నేను అప్పటిదాకా ఉంచుతాను. ఆడిట్ పూర్తయ్యాక ఆ సంవత్సరం ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే వీలుండేలా చేసి, ఒక కాపీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో వేసి ఆఫీసు బయట ఉంచండి. ఏడాదికోసారి దాన్ని తగిలించి, ఏదో ఒక నెల ఫైలు తెరిచి చూడండి.

తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ అడుగుతోందేమో కూడా చూసుకోండి. ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టినవాళ్లు ఉద్యోగం మానేసి వెళ్లిపోతే, ఫైలు ఉన్నా లేనట్టే. డిస్క్‌లోకి వెళ్లే కాపీకి విడివిడిగా పాస్‌వర్డ్‌లు తీసేసి, మొత్తం డిస్క్‌కు ఒకటే పెట్టి, దాన్ని సీల్ చేసిన కవర్లో డైరెక్టర్ గారి దగ్గర ఉంచడం మాకు కుదిరిన ఏర్పాటు.