నాలుగో గడి

జబ్బు రాకుండా చూడటం, వచ్చినదాన్ని ముందే పట్టుకోవడం, ముదిరాక నష్టం తగ్గించడం. నివారణలో ఈ మూడు మెట్లూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. నాలుగోది ఒకటుందంటే వైద్య విద్యార్థులే తడబడతారు.

బెల్జియం కుటుంబ వైద్యుడు మార్క్ జమూల్ 1986లో ఈ నాలుగింటినీ నాలుగు గళ్ల చిన్న పట్టికగా వేశాడు. ప్రశ్నలు రెండే. మనిషికి ఒంట్లో బాగోలేదనిపిస్తోందా? డాక్టరుకు జబ్బు కనిపిస్తోందా? ఇద్దరూ లేదంటే మొదటి గడి. మనిషికి తెలియకుండా డాక్టరుకు కనిపిస్తే రెండోది. ఇద్దరికీ తెలిస్తే మూడోది. మనిషి బాధపడుతున్నా డాక్టరుకు ఏమీ దొరకకపోతే నాలుగోది. ఇక్కడ అనవసరమైన పరీక్ష, మందు పడకుండా కాపాడటమే నివారణ.

షుగర్‌తో మొదటి మూడు గళ్లూ తేలిగ్గా నిండుతాయి. తిండి, నడక మొదటిది. ఏ బాధా లేనివాడికి పరగడుపు షుగర్ రెండుసార్లు 126 లేదా అంతకుమించి ఉందని తేల్చడం రెండోది. పుండు పడకుండా పాదాలు చూడటం మూడోది.

రోడ్డు ప్రమాదంలో దెబ్బ క్షణంలో తగులుతుంది కదా, దానికి రెండో గడి ఎక్కడిది? ఉంది. బండి మీంచి పడ్డవాడు లేచి "నాకేం కాలేదు" అంటాడు. లోపల పుర్రె ఎముకకు, మెదడు పొరకు మధ్య ధమని తెగి రక్తం చేరుతుంటుంది. కొన్ని గంటలు మామూలుగా మాట్లాడి ఆ తర్వాత మత్తులోకి జారిపోతాడు. ఆస్పత్రిలో పక్క బెంచీలో తలనొప్పితో బెంబేలెత్తుతున్నవాడికి ఏమీ ఉండకపోవచ్చు. అతనిది నాలుగో గడి. ఇద్దరినీ వేరు చేయడానికి కెనడా వైద్యులు 2001లో ఒక నియమం ఇచ్చారు. క్షణంసేపు స్పృహ తప్పినా, జరిగింది గుర్తులేకపోయినా, తికమకపడినా ఆ నియమంతో చూస్తారు. రెండు గంటలకీ పూర్తి తెలివి రాకపోవడం, రెండు అంతకుమించి వాంతులు, పుర్రె విరిగిన గుర్తులు, 65 లేదా అంతకుమించిన వయసు: వీటిలో ఏదున్నా సిటి స్కాన్ తీయాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు, పిల్లలకు ఈ నియమం పనికిరాదు.

పట్టిక తడబడే సందర్భమూ ఉంది. 78 ఏళ్ల అవ్వ, కిడ్నీలు బలహీనం, షుగర్‌కు గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బిఏ1సి 6.1. రిపోర్టు చూసి ఇంట్లో అందరూ సంబరపడతారు. కానీ ఆ మాత్ర అన్నం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను పిండుతూనే ఉంటుంది, బలహీనమైన కిడ్నీలు ఆ మాత్రను త్వరగా బయటికి పంపలేవు. రాత్రి ముద్ద సరిగా దిగకపోతే తెల్లవారుజామున షుగర్ పడిపోయి చెమటలు, పొంతనలేని మాటలు. గాలి సోకిందని తాయెత్తు కడతారు. బాత్రూముకు వెళుతూ పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆమెది మూడో గడే, హాని మాత్రం నాలుగోదాని తరహా. అందుకే నాలుగో నివారణను మిగతా మూడింటి మీదా కాపలాగా ఉంచాలని తర్వాత చెప్పారు. హెచ్‌బిఏ1సి 6 కంటే దించాలని చూసిన అకార్డ్ అనే వైద్య పరిశోధనలో, అలా దించిన గుంపులో మరణాలు పెరిగాయని 2008లో ఆ చికిత్సను ముందే ఆపేశారు. ఈ అవ్వకు డాక్టరు ఆ మాత్ర ఆపి, అవసరమైతే షుగర్‌ను అంతగా పడగొట్టని మందుకు మార్చి, 8 లోపు ఉంటే చాలని రాయాలి.